పాత మిద్దెకు తొలి టెండరు: కనిపించని కలపకు లెక్క కట్టడం ఎలా?

చారిత్రక కట్టడం మరమ్మతుకు తొలిసారి టెండరు సిద్ధం చేసే యువ ఆర్కిటెక్ట్ ధరల దగ్గర అంతగా తడబడరు. పరిమాణాల పట్టికలో ఒకే ఒక్క వరుస దగ్గర కలం ఆగిపోతుంది: ‘పాడైన దూలాలు, వాసాలు మార్చడం’ అని రాసిన తర్వాత, ఎన్ని అని రాయాల్సిన గడిలో. కప్పు పైనుంచి చూస్తే పెంకు బిళ్లలు, కింద నుంచి చూస్తే కలప నడిమి భాగం, సున్నపు పూత మాత్రమే కనిపిస్తాయి. కలప పాడయ్యేది గోడలోకి దూరి కూర్చున్న చివర దగ్గర. అక్కడికి చూపు పోదు. అందుకే చాలా అంచనాల్లో ఆ గడిలో ‘30 శాతం’ అనో ‘అవసరాన్ని బట్టి’ అనో ఉంటుంది. మొదటిది ఊహ. రెండోది గుత్తేదారును ఊహించమని అడగడం. ఒప్పందం మధ్యలో వచ్చే తగాదాల్లో పెద్ద వాటా ఈ రెండింటి నుంచే పుడుతుంది.

ఆ గడిని నిజాయితీగా నింపే పద్ధతి ఉంది. కలప వాసాల మీద ఇటుక, సున్నం పరిచి కట్టే మద్రాసు టెర్రస్ కప్పు ఉన్న ఒక హాలును ఉదాహరణగా తీసుకుంటే అది స్పష్టంగా అర్థమవుతుంది. కోస్తా ఆంధ్ర పట్టణాల్లో పందొమ్మిదో శతాబ్దంలో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టిన కచేరీలు, బడులు, బంగళాలకు ఈ కప్పు విరివిగా కనిపిస్తుంది. చెన్నై చేపాక్‌లోని 1768 నాటి ఖలస్ మహల్ 2012లో అగ్నిప్రమాదానికి గురైతే, తమిళనాడు ప్రజాపనుల శాఖ దాన్ని పాత సున్నపు పద్ధతులతోనే పునరుద్ధరించింది. అంటే ఇటువంటి పనిని ప్రభుత్వ టెండరు చట్రంలోనే చేయవచ్చు. చట్రంలో ఏం రాస్తామన్నదే ప్రశ్న.

కింద వచ్చే హాలు, దాని కొలతలు, రేట్లు లెక్క చూపడానికి కల్పించుకున్నవి. అసలు పనిలో ప్రతి అంకెనూ ఆ స్థలంలోనే సంపాదించాలి.

కప్పు నిర్మాణం తెలిస్తే అనుమానం చోటు మారుతుంది

హాలు పొడవు 18 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు. వెడల్పు వెంట 3 మీటర్లకొకటి చొప్పున 5 టేకు దూలాలు. దాంతో కప్పు 6 గదులుగా విడింది. దూలాలపై అడ్డంగా, సుమారు అడుగున్నర ఎడంతో, కొన్ని ప్రాంతాల్లో దంతెలు అని పిలిచే వాసాలు. ఒక్కో గదికి 13, మొత్తం 78. వాసాల మీద సన్నని ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఐమూలగా, సున్నంతో పేరుస్తారు. ఆపైన ఇటుక కంకర, సున్నం కలిపిన కాంక్రీటును చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరుస్తారు. ఆఖరున రెండు మూడు వరుసల పలుచని బిళ్లలు. నీళ్లు తూముల వైపు పారేలా వాలు ఉంటుంది.

78 వాసాలు, 5 దూలాలు అనగానే కలప మొత్తం అనుమానాస్పదంగా తోస్తుంది. అయితే టేకు ఊరికే కుళ్లదు. కలపలో తేమ 20 శాతం దాటి, చాలాకాలం అలాగే నిలిస్తే కలపను కుళ్లబెట్టే శిలీంధ్రాలు పట్టుకుంటాయి. గాలి ఆడే చోట, గది మధ్యలో వేలాడే కలప కప్పు కారినా త్వరగానే ఆరిపోతుంది. గోడ గూట్లో కూర్చున్న చివర ఆరదు. పిట్టగోడ మొదట్లో పగులు నుంచి, మూసుకుపోయిన తూము పక్క నుంచి, రావిమొక్క వేరు చేసిన దారి నుంచి దిగిన నీళ్లు గోడ వెంట జారి ఆ గూటినే చేరతాయి.

కాబట్టి లెక్కించాల్సింది వాసాల సంఖ్యను కాదు, గోడలో ఉన్న చివరలను. 5 దూలాలకు రెండేసి చొప్పున 10 చివరలు. వాసాల్లో మొదటి గదిలోని 13, ఆరో గదిలోని 13 మాత్రమే ఒక చివర గోడలో పెట్టుకున్నాయి. మిగిలినవన్నీ దూలం నుంచి దూలానికి ఉన్నాయి. అంటే 26. మొత్తం 36 చివరలు. ‘కలపలో 30 శాతం’ అనే మసక అంకె స్థానంలో, ఒక్కోదానికి నంబరు వేసి నక్షా మీద గుర్తించగల 36 చోట్లు వచ్చాయి. గది మధ్యలో పొడవునా మరకలున్న వాసాలను విడిగా సూదితో పొడిచి చూస్తే సరిపోతుంది. పొడి గోడను ఆనుకుని పోయే వాసాల విషయంలోనూ అంతే. చెదల మట్టి బాటలు కనిపిస్తే మాత్రం ఈ లెక్క చాలదు. చెదలకు గోడ చివరే కావాలనే నియమం లేదు.

ముందు ఒక చిన్న టెండరు

36 చివరలనూ అసలు టెండరుకు ముందే విప్పి చూడటం సాధారణంగా కుదరదు. పరంజా ఖర్చుంది, భవనంలో కార్యాలయం నడుస్తుండవచ్చు, విప్పిన ప్రతి గూడూ మళ్లీ మూయాలి. అలాగని ఒక్కటీ విప్పకుండా టెండరు పిలవడం సరైంది కాదు. తొలి టెండరు చేసేవారు యజమాని నుంచి లేదా శాఖ నుంచి పట్టుబట్టి సాధించుకోవాల్సింది ఇదొక్కటే: అసలు పనికి ముందు, పరిశీలన కోసం విడిగా ఒక చిన్న ఒప్పందం. ఊతలు పెట్టడం, తూములు శుభ్రం చేయడం, కారే చోట టార్పాలిన్ కప్పడం వంటి అత్యవసర పనులు కూడా ఇందులోనే చేరిస్తే దీనికి మంజూరు దొరకడం తేలిక.

ఎంపిక చేసే పద్ధతి ముఖ్యం. మరకలున్న చోట్లే విప్పితే అంచనా పెరిగిపోతుంది. అందుబాటులో ఉన్నవే విప్పితే ఏమీ తెలియదు. కింద నుంచి చూసి, తేమ కొలిచే మీటరుతో తడిమి, 36 చివరలను ముందు రెండు గుంపులు చేయాలి. ఉదాహరణలో మరక లేదా తేమ ఉన్నవి 14, పొడిగా కనిపించేవి 22. ప్రతి గుంపు నుంచి 6 చొప్పున 12 చివరలు విప్పారు. వాటిలో 4 దూలం చివరలు. గూటి చుట్టూ పూత తీసి, ఒక పక్క ఇటుక తొలగించి, సన్నని సూది గుచ్చి, అనుమానం ఉన్నచోట సన్నని డ్రిల్లుతో లోపలి గట్టితనం చూశారు. తడి గుంపులో ఆరింటికి 4 కుళ్లాయి. పొడి గుంపులో ఆరింటికి 1.

ఇప్పుడు లెక్క. కుళ్లినట్టు తేలినవి 5. ఇవి ఊహ కాదు. విప్పనివి 24: తడి గుంపులో 8, పొడి గుంపులో 16. తడి వాటిలో మూడింట రెండొంతులు అంటే దాదాపు 5.3, పొడి వాటిలో ఆరో వంతు అంటే 2.7. కలిపితే 8. మొత్తం 13 చివరలు. గుంపులు చేయకుండా 12కి 5 అనే నిష్పత్తిని 36 మీద రుద్దితే 15 వచ్చేది. తేడా చిన్నదిగానే అనిపిస్తుంది గానీ, అందులో దూలం చివర ఒక్కటి ఉన్నా డబ్బు చాలా మారుతుంది.

ఆరేసి నమూనాలు తక్కువే. అందుకే 13ను ఒంటరిగా వదలకూడదు. తడి గుంపులో ఆరింటికి నాలుగు కాక మూడు, పొడి గుంపులో పన్నెండింటికి ఒకటి మాత్రమే పాడైతే, విప్పని వాటిలో 5 వస్తాయి. ఆరింటికి ఐదు, ఆరింటికి రెండు అయితే 12 వస్తాయి. కాబట్టి మొత్తం 10 నుంచి 17 మధ్య, నమ్మదగ్గ అంకె 13. ఈ మూడు అంకెలూ టెండరులో మూడు పనులు చేస్తాయి. 13 పట్టికలోకి వెళుతుంది. 17 అదనపు నిధిని నిర్ణయిస్తుంది. 10 నుంచి 17 అనే హద్దు ఒప్పంద షరతుగా మారుతుంది: ఈ హద్దుల మధ్య ఎన్ని చివరలు తేలినా కోట్ చేసిన రేటే వర్తిస్తుంది, కొలత ప్రకారం చెల్లింపు ఉంటుంది. దీన్ని రాతపూర్వకంగా చెప్పకపోతే, పరిమాణం మారిన మొదటి రోజే రేటు గురించిన ఉత్తరాలు మొదలవుతాయి.

పట్టికలో ‘మార్పిడి’ అని ఒకే వరుస రాయడం ఇంకో ఇబ్బంది. వాసం చివర కోసి కొత్త టేకు ముక్కను అతకడం వేరు, 3 మీటర్ల వాసం మొత్తం మార్చడం వేరు, దూలం చివరకు స్టెయిన్‌లెస్ స్టీలు పలకతో బలమిచ్చి అతకడం పూర్తిగా వేరు. దూలం చివర ముట్టుకోవాలంటే దానికి రెండు పక్కల గదులకూ కింద ఊతలు కావాలి. అందువల్ల వీటిని వేర్వేరు వరుసలుగా, ఒక్కోదానికి ఎన్ని అన్న లెక్కతో రాయాలి. ఉదాహరణలో 13ను 4 దూలం చివరలు, 9 వాసం చివరలుగా విడదీశారు. తీసేసిన దూలాల్లో గట్టిగా మిగిలిన కలపను అతుకులకు వాడుకోవాలన్న షరతు ఇక్కడే చేర్చాలి. దాన్ని యజమాని ఆస్తిగా కొలిచి నమోదు చేయకపోతే పాత టేకు సైటు దాటి వెళ్లిపోతుంది. కొత్త టేకు అంత నాణ్యతతో దొరకడమూ కష్టం.

కప్పు మీది అనవసరపు బరువు

చాలా మద్రాసు టెర్రస్‌ల మీద, కారుతున్నప్పుడల్లా సిమెంటు పొర ఒకటి పోసి ఉంటారు. 5 సెంటీమీటర్ల సిమెంటు పొర చదరపు మీటరుకు దాదాపు 120 కిలోలు తూగుతుంది. 108 చదరపు మీటర్ల హాలు మీద 13 టన్నులు. ఒక్కో దూలం 3 మీటర్ల గది పొడవు, 6 మీటర్ల వెడల్పు మేర బరువు మోస్తుంది కాబట్టి, 18 చదరపు మీటర్లకు 2,160 కిలోలు అదనంగా దాని మీద కూర్చుంది. వంగిన దూలాన్ని చూసి ‘మార్చాలి’ అని రాసే ముందు ఈ బరువు తీసేస్తే ఏమవుతుందో స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క వేయాలి. చాలాచోట్ల మార్పిడి అవసరమే తప్పుతుంది. ఆ తొలగింపు ఖర్చు, తప్పించుకున్న దూలం ఖర్చు కన్నా ఎంతో తక్కువ.

తొలగింపును టెండరులో తేలిగ్గా రాయడం ప్రమాదకరం. కరెంటు బ్రేకరు వాడితే ఆ అదురుకు కింది సున్నపు కాంక్రీటు, అంచు ఇటుకలు పగులుతాయి. చేతి ఉలి, సుత్తితోనే అని స్పష్టంగా రాయాలి. తీసిన శిథిలాలను కప్పు మీదే ఒక మూల కుప్ప పోయడం అందరూ చేసే తప్పు. 13 టన్నులు పరుచుకుని ఉన్నప్పుడు మోసిన దూలం, అందులో రెండు టన్నులు ఒకేచోట పడితే మోయలేకపోవచ్చు. కాబట్టి రోజుకారోజు గొట్టం ద్వారా కిందికి దించడం, అక్కడి నుంచి తరలించడం, రెండింటినీ ఒక ఐటెంగా కొలిచి చెల్లించాలి. ‘రేట్లలో కలిసే ఉంది’ అన్న వాక్యంలో దాచిన పనిని గుత్తేదారు తగ్గించుకునే చూస్తారు.

అదే కారణంతో పరంజా, తాత్కాలిక కప్పు, ఊతలు, నేల రక్షణ, సున్నం నానబెట్టే గుంతలు విడి వరుసలుగా ఉండాలి. గోడకు బొక్కలు పెట్టి కర్రలు దూర్చే పరంజా ఈ కట్టడాలకు పనికిరాదు. రెండు వరుసల స్తంభాలతో తనంతట తాను నిలబడేది కావాలి. తొలి అంచనాల్లో ఈ సన్నాహక పనులను అతి తక్కువగా చూపిస్తారు. తాత్కాలిక కప్పు ఖర్చు చూసి యజమాని ఉలిక్కిపడటం సహజం. అయితే విప్పిన మద్రాసు టెర్రస్ మీద ఒక్క రాత్రి పడ్డ జడివాన హాలులోని పాత పూతనంతా పాడు చేయగలదు.

పట్టికలో లేని రేటు

శాఖల ప్రామాణిక ధరల పట్టికలో కప్పు మీద సున్నపు కాంక్రీటుకు ఒక రేటు కనిపించవచ్చు. ఆ రేటు వెనుక ఎన్ని కూలీ రోజులున్నాయో చూడకుండా దాన్ని వాడకూడదు. ఈ పనిలో ఖరీదైనది సామగ్రి కాదు, కొట్టడం. సుమారు 100 మిల్లీమీటర్లు పోసిన కాంక్రీటు 75 మిల్లీమీటర్లకు దిగేదాకా, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ కొన్ని రోజులు కొట్టాలి. ఆ శ్రమకు డబ్బు లెక్క కట్టకపోతే కొట్టకుండానే పూర్తయిపోతుంది. రెండు వానాకాలాలు గడిస్తే కప్పు మళ్లీ కారుతుంది.

అందుకే పరిశీలన ఒప్పందంలోనే 4 చదరపు మీటర్ల నమూనా పలక వేయించాలి. సున్నం నానబెట్టడం, గానుగలో నూరడం, ఇటుక కంకర కొట్టడం, పోయడం, కొట్టడం, తడపడం, ప్రతి దానికీ ఎంతమంది ఎన్ని గంటలు పనిచేశారో ఒక రిజిస్టరులో రాయించాలి. ఉదాహరణలో 4 చదరపు మీటర్లకు 11 కూలీ రోజులు పట్టాయి. అంటే చదరపు మీటరుకు 2.75. నైపుణ్యం ఉన్నవారు, లేనివారు కలిపి సగటు కూలి 900 రూపాయలు అనుకుంటే 2,475. సామగ్రి చదరపు మీటరుకు 900. కలిపి 3,375. కేంద్ర ప్రజాపనుల శాఖ రేట్ల విశ్లేషణ పద్ధతిలో నీటికి 1 శాతం, ఆపైన గుత్తేదారు లాభానికి, నిర్వహణకు 15 శాతం కలుపుతారు. అలా కలిపితే దాదాపు 3,920 రూపాయలు. 108 చదరపు మీటర్లకు 4,23,360. దీని మీద పన్నులు, భవన నిర్మాణ కార్మికుల సెస్సు 1 శాతం విడిగా. పాత టెండరు నకలు నుంచి వస్తు సేవల పన్ను శాతాన్ని అలాగే దించుకోవడం మంచిది కాదు. ప్రభుత్వానికి చేసే చారిత్రక కట్టడాల పనులకు అంతకుముందు ఉన్న 12 శాతం రాయితీ రేటు 2022 జూలైలో పోయి 18 శాతం అయింది.

సామగ్రి లెక్కలో ఒక మెలిక ఉంది. సున్నం బట్టీ నుంచి వచ్చిన రాళ్లలో కొంత భాగం నానినా విరగదు. కాలని రాయి, కాలి మాడిన రాయి రెండూ అలాగే మిగులుతాయి. బస్తా ధర చూసి చవక అనుకున్న సున్నంలో 15 శాతం మిగిలితే, ఆ మేరకు రాయిని కొన్నట్టే. నమూనా పలకకు ముందు ఒక తొట్టి నానబెట్టి, జల్లెడ పట్టి, మిగిలిన రాయిని తూచి చూస్తే చాలు. గుల్ల సున్నమా, రాతి సున్నమా అన్నది పాత గారను పరీక్షించి నిర్ణయించాలి. ఆ నిర్ణయం టెండరు ముందే జరగాలి. లేకపోతే ప్రతి గుత్తేదారూ తనకు దగ్గర్లో దొరికే సున్నానికే రేటు వేస్తారు. అప్పుడు ఆ రేట్లను పోల్చడానికి అర్థమే ఉండదు.

వానలు, మార్చి 31, ఆరని గోడ

పని దశలను తరచూ డబ్బు వచ్చే క్రమాన్ని బట్టి విడదీస్తారు. దశలను నిజంగా నిర్ణయించేవి మూడు: నీళ్లు పైనుంచి కిందికి దిగడం, కోస్తాలో వానలు లేని నెలలు, గోడ ఆరడానికి పట్టే కాలం.

కోస్తా ఆంధ్రలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక రుతుపవనం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరొకటి, ఎక్కువ తుపానులు ఆ నెలల్లోనే. కప్పు విప్పడానికి మిగిలేది జనవరి నుంచి మే మధ్య దాకా. 36 చదరపు మీటర్ల చొప్పున రెండేసి గదుల జతలుగా విప్పాలనుకుంటే, ఒక జతకు తొలగింపు 6 రోజులు, కలప పని 10, అంచు ఇటుక 5, కాంక్రీటు 8, తడపడం కనీసం 10. మొత్తం 39 రోజులు. కాంక్రీటుకు 8 రోజులన్నది నమూనా పలక చెప్పిన అంకె: 36 చదరపు మీటర్లకు 99 కూలీ రోజులు, పన్నెండు మంది బృందం. వడ్రంగులు మొదటి జతలో పని ముగించగానే రెండో జత విప్పవచ్చు. ఒక్కో జతకు 16 రోజుల తేడాతో మూడూ మొదలైతే 71 రోజులకు కాంక్రీటు ఆఖరు తడిపింపు ముగుస్తుంది. తర్వాత బిళ్లలు, పిట్టగోడ మొదలు, తూములు. జనవరి మధ్యలో మొదలైతే ఏప్రిల్ ఆఖరుకు కప్పు పూర్తవుతుంది, ఇంకో రెండు మూడు వారాలు చేతిలో మిగులుతాయి. ఆ వారాలను వేరే పనికి ఇచ్చేయకూడదు.

ఇక్కడ కలప మళ్లీ అడ్డుపడుతుంది. గదుల జతలు 1–2, 3–4, 5–6 అయితే, రెండో దూలం, నాలుగో దూలం జతల సరిహద్దు మీద పడతాయి. వాటి ఒక పక్క బరువు దిగి, మరో పక్క అలాగే ఉంటుంది. ఆ రెండు దూలాల కింద ఊతలు మొదటి రోజు నుంచి ఆఖరి జత ముగిసేదాకా ఉండాల్సిందే. ఊతలకు ‘ఎన్ని’ అని మాత్రమే కాక ‘ఎన్ని వారాలు’ అని కూడా పట్టికలో రాయకపోతే, రెండో నెలలో అవి మాయమవుతాయి.

జనవరి మధ్య నుంచి వెనక్కి లెక్కిస్తే టెండరు ప్రకటన ఎప్పుడు రావాలో తెలుస్తుంది. సున్నం నానబెట్టి ముద్దగా నిల్వ చేయడానికి కొన్ని వారాలు, టేకు తెప్పించి ఆరబెట్టిందని తేమ మీటరుతో నిర్ధారించడానికి ఇంకొంత కాలం. ఒప్పందం అక్టోబరుకల్లా కుదరాలి. అంటే ప్రకటన జూలై, ఆగస్టుల్లో. పరిశీలన ఒప్పందం అంతకుముందు వేసవిలోనే ముగిసి ఉండాలి. ఆ వేసవి తప్పితే ఏడాది పోయినట్టే. తొందరపడి జూన్‌లో కప్పు విప్పడం కన్నా ఏడాది ఆగి, ఊతలతో, టార్పాలిన్‌తో కాపాడుకోవడం మేలు.

ప్రభుత్వ నిధులతో చేసే పనిలో మార్చి 31 ఇంకో గోడ. కప్పు పని సరిగ్గా ఆ తేదీకి అటూ ఇటూ నడుస్తుంది. ఆ ఏడాది నిధులు ఖర్చు చూపించాలన్న ఒత్తిడిలో, కప్పు తెరిచి ఉండగానే కింద పూత పనులు మొదలుపెట్టించడం జరుగుతుంటుంది. దీనికి విరుగుడు ఒప్పందంలోనే ఉంది. పరంజా, తాత్కాలిక కప్పు, తొలగింపు, సైటుకు చేరి పరీక్షలో నెగ్గిన టేకు, నానబెట్టిన సున్నం, వీటన్నింటినీ విడిగా కొలిచి చెల్లించేలా రాస్తే మార్చిలోపు బిల్లు చేయదగ్గ పని తగినంత ఉంటుంది. సైటులోని సామగ్రి మీద అడ్వాన్సు ఇచ్చే నిబంధన షరతుల్లో ఉంటే దాన్ని కొట్టేయకుండా చూసుకోవాలి.

గోడల పూత, నేల, తలుపులు తర్వాతి ఒప్పందానికి వదలడం మంచిది. దాని వెనుక ఒక గట్టి కారణం ఉంది. తడిసిన గోడ అంగుళం మందానికి సుమారు నెల పడుతుందన్నది పాత మేస్త్రీల లెక్క. రెండు అడుగుల గోడ రెండు వైపులా ఆరినా ఏడాదికి తక్కువ కాదు, అదీ సిమెంటు పూత తీసేసి ఊపిరాడనిస్తేనే. ఆలోపు వేసిన పూత మీద ఉప్పు తేలి రాలిపోతుంది. అన్నింటినీ ఒకే టెండరులో కలిపితే, గుత్తేదారు బృందం సైటులో ఖాళీగా ఉండలేదు కాబట్టి, తడి గోడకే పూత వేయమని రోజూ ఒత్తిడి వస్తుంది. సిమెంటు పూత తొలగించడం మాత్రం కప్పు దశలోనే చేయించాలి.

అదనపు నిధి, ఆ తర్వాత కొటేషన్లు

కొత్త నిర్మాణాల అంచనాల్లో ఊహించని ఖర్చుకు 3 నుంచి 5 శాతం కలుపుతారు. పాత కట్టడానికి 15 శాతం కలపమని అడిగితే ‘ఎందుకు?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. దానికి జవాబు శాతంలో దొరకదు. పేర్లు పెట్టిన అనుమానాల జాబితాగా చూపాలి. 13 చివరలు 17 అయితే, అదనపు నాలుగులో రెండు దూలం చివరలు అనుకుంటే, ఒక్కోటి 45,000 చొప్పున 90,000. రెండు వాసం చివరలు 9,000 చొప్పున 18,000. మొత్తం 1,08,000. ఇలాగే పిట్టగోడ విప్పినప్పుడు తేలే పగుళ్లకు, పాత తూముల మార్పుకు ఒక్కో మొత్తం. వాటి కూడికే అదనపు నిధి. ఆడిట్‌లో నిలబడేది ఇదే. వాడకుండా మిగిలితే ఎక్కడిది మిగిలిందో కూడా చెప్పగలం.

కొటేషన్లు తెరిచినప్పుడు 10, 13, 17 అంకెలు మరోసారి అక్కరకొస్తాయి. ఐటెం రేటు టెండరులో అనుభవమున్న గుత్తేదారు, పెరిగేటట్టు కనిపించే వరుసకు ఎక్కువ రేటు, తగ్గేటట్టు కనిపించే వరుసకు తక్కువ రేటు వేసి, మొత్తాన్ని తక్కువగా చూపిస్తారు. ఉదాహరణకు 4 దూలం చివరల లెక్కన ఒకరి మొత్తం రెండో వారి కంటే 60,000 తక్కువ. కానీ ఆయన దూలం చివర రేటు 80,000, రెండో వారిది 45,000. చివరలు 6కు చేరితే, రెండు అదనపు చివరల మీద ఒక్కోదానికి 35,000 తేడాతో, తక్కువన్నవారు 10,000 ఎక్కువవుతారు. చట్టప్రకారం మొదటివారికే పని ఇవ్వాల్సి రావచ్చు. అయినా సిఫారసు రాసే ముందు ప్రతి కోట్‌ను మూడు పరిమాణాలకూ కూడి చూసి, క్రమం మారితే ఆ వరుసకు రేటు విశ్లేషణ అడగాలి. అలా అడగవచ్చని టెండరు షరతుల్లో ముందే రాసి ఉండాలి.

తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ పనులు చాలావరకు అంచనా విలువ మీద ఇంత శాతం ఎక్కువ లేదా తక్కువ అని కోట్ చేసే పద్ధతిలో నడుస్తాయి. అందులో రేట్లను అటూ ఇటూ తిప్పే వీలు ఉండదు. బదులుగా మొత్తం భారం అంచనా వేసినవారి రేటు విశ్లేషణ మీద పడుతుంది. 20 శాతం తక్కువకు కోట్ చేసినవారు చదరపు మీటరుకు 2.75 కూలీ రోజులు ఎలా పెడతారో చూపించాలి. నమూనా పలక రిజిస్టరును టెండరు పత్రాలతో పాటు జతచేయడం, సాంకేతిక కవరు తెరిచాక ప్రతి పోటీదారు చేత సైటులో చిన్న పలక వేయించడం, ఈ రెండూ ధర కవరు తెరవక ముందే పూర్తయితే కొట్టని కాంక్రీటు ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

పని మొదలయ్యాక 36 చివరల నక్షా కొలతల పుస్తకం పక్కనే ఉండాలి. ప్రతి గూడు విప్పిన రోజు ఫొటో తీసి, ఏ గుంపులోదో, ఏం తేలిందో, ఏ వరుస కింద చెల్లించారో అదే నక్షాలో నమోదు చేయాలి. ఉదాహరణలోని హాలును ఆనుకుని ఉన్న దక్షిణ వరండా కప్పు వచ్చే ఏడాది టెండరులో ఉంటుందనుకుందాం. అదే గోడ, అదే తూములు, అదే కాలం నాటి టేకు. ఆ వరండాకు తడి చివరల్లో ఎన్ని పాడయ్యాయి, పొడి చివరల్లో ఎన్ని అన్న నిష్పత్తి ఆరేసి నమూనాల నుంచి కాక, హాలులోని 36 చివరల నుంచి వస్తుంది. అప్పుడు 10 నుంచి 17 లాంటి వెడల్పు హద్దు పెట్టాల్సిన పని ఉండదు.